ఉప్పల్‌లో మొదలై హబ్సిగూడ దాటని మాటలు: ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని అబ్బాయికి ముప్పై లోపు వయసు. సొంతూరు సూర్యాపేట వైపు. ఉప్పల్‌లో స్నేహితులతో కలిసి అద్దెకుంటూ, రాయదుర్గం దగ్గర ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. మాట్లాడటంలో ఇబ్బంది పడేవాళ్లకు సాధన చేయించడం నా పని, ఈ కేసును అతని అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను, సంభాషణలను మాత్రం అలాగే ఉంచాను.

మాట్లాడటం రాని మనిషేం కాదు. పని గురించైతే మీటింగులో అరగంట తడబడకుండా చెప్పగలడు. ఇబ్బందంతా పనితో సంబంధం లేని మాటల దగ్గర. అదే బిల్డింగులో ఇంకో కంపెనీ అకౌంట్స్‌లో పనిచేసే ఒక పెద్దాయన రోజూ అతనితో పాటే ఉప్పల్‌లో మెట్రో ఎక్కుతారు. ఇద్దరూ రాయదుర్గం దాకా కలిసి వెళ్లాలి. ముప్పావుగంటకు తక్కువ కాని ప్రయాణం. ఎక్కగానే పలకరింపు అవుతుంది, నాలుగు మాటలు నడుస్తాయి. స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ దాటి హబ్సిగూడ వచ్చేసరికి ఇద్దరూ ఫోన్లలో తలదూర్చి ఉంటారు. ఆ తర్వాత అమీర్‌పేట దాకా ఆ మౌనం తనను నొక్కేస్తుందని, అది తప్పించుకోవడానికి ఒక్కోసారి కావాలనే ఒక ట్రైన్ వదిలేస్తున్నానని చెప్పాడు. నా దగ్గరికి వచ్చింది అందుకు.

“నాకు టాపిక్స్ దొరకవు మేడమ్, టాపిక్స్ చెప్పండి చాలు” అన్నది అతని మొదటి కోరిక. ఈ మాట నేను తరచూ వింటాను. టాపిక్‌ల జాబితా ఇవ్వలేదు. ముందు ఆ నాలుగు మాటలేమిటో చూడాలన్నాను.

పక్కవాళ్లకు తెలియకుండా రికార్డు చేయడం సరికాదు కాబట్టి, ట్రైన్ దిగి ఆఫీసుకు నడిచేటప్పుడే గుర్తున్నంత మేర ఫోన్ నోట్స్‌లో మాటకు మాట రాసుకోమన్నాను. నేనేమన్నాను, ఆయనేమన్నారు, మళ్లీ నేనేమన్నాను, అంతే. “బాగా జరిగింది”, “బోర్ కొట్టింది” లాంటి తీర్పులు వద్దన్నాను. జ్ఞాపకంలోంచి రాసినదాంట్లో మాటలు కాస్త మారతాయి, కానీ ఎవరి జవాబు ఎంత పొడుగుంది, తర్వాత ఎవరు మాట్లాడారు అన్నవి పెద్దగా మారవు. నాకు కావలసినవి ఆ రెండే.

అతను తెచ్చిన మొదటి నోట్స్ ఇది.

“ఆఫీసుకేనా సార్?”
“ఆఁ, ఆఫీసుకే.”
“ఇయ్యాల మస్తు రష్ ఉంది కదా సార్?”
“ఉంది.”
“మీరు ఉప్పల్‌లనే ఉంటారా?”
“లేదు, రామంతాపూర్.”
“ఓ, రామంతాపూరా. సొంతిల్లేనా సార్?”
“ఆఁ, సొంతమే.”
“శాన రోజులైందా సార్ అక్కడ?”
“శాన రోజులైంది.”
“ఓకే సార్.”

ఇక్కడ ఫోన్లు బయటికొచ్చాయి.

ఈ పదకొండు మాటల్లో టాపిక్‌ల కొరత ఎక్కడా లేదు. ఆఫీసు, రద్దీ, ఉండే చోటు, ఇల్లు, ఎన్నాళ్లుగా ఉంటున్నారు అన్నది కలిపి ఐదు టాపిక్‌లు నిమిషంలోపే ఖర్చయ్యాయి. అంత వేగంగా ఖర్చు పెడితే ఎవరి దగ్గరైనా అయిపోతాయి. అసలు చూడాల్సింది జవాబుల వైపు. ఐదు జవాబుల్లో నాలుగు అతని ప్రశ్నలోని మాటలే. “ఆఫీసుకేనా” అంటే “ఆఫీసుకే”, “సొంతిల్లేనా” అంటే “సొంతమే”, “శాన రోజులైందా” అంటే “శాన రోజులైంది”. పెద్దాయన కొత్తగా చెప్పిన ఒకే ఒక్క మాట “రామంతాపూర్”. అది కూడా అబ్బాయి ఊహ తప్పు కావడం వల్ల బయటికొచ్చింది.

అవును-కాదు ప్రశ్న పనిచేసే తీరే అది. అలా అడిగేవాడు ముందే ఒక జవాబు ఊహించుకుని, దాన్ని ప్రశ్నలో పెట్టి ఎదుటివారి చేతికిస్తాడు. వాళ్లు చేయాల్సిందల్లా ముద్ర వేయడం. ముద్ర వేయగానే వాళ్ల బాధ్యత తీరిపోతుంది, మాట్లాడే వంతు మళ్లీ అడిగినవాడి మీదే పడుతుంది. మనుషుల సంభాషణలను అధ్యయనం చేసిన హార్వీ సాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్ 1974లో సంభాషణలో వంతులు ఎలా మారతాయో వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. ఈ రంగంలో పనిచేసే మేమంతా ఇప్పటికీ దాని దగ్గర్నుంచే మొదలుపెడతాం. ప్రశ్న అడగడమంటే తర్వాతి వంతు ఫలానా వాళ్లదని నిర్ణయించడం. ఆ వంతు ఎంత పొడుగు ఉండొచ్చన్నది చాలావరకు ప్రశ్న ఆకారమే చెప్పేస్తుంది. ఒక్క మాటతో పూర్తయ్యే ప్రశ్న వేస్తే, ఎదుటివారు ఒక్క మాటతో ఆగడం మర్యాదే, నిర్లక్ష్యం కాదు. పెద్దాయనకు తనతో మాట్లాడటం ఇష్టం లేదని ఈ అబ్బాయి చాలాకాలంగా అనుకుంటున్నాడు. నోట్స్‌లో దానికి ఆధారం లేదు. అడిగిన ప్రతిదానికీ ఆయన జవాబిచ్చారు, అడిగినంత ఇచ్చారు.

అతను ఇలా ఎందుకు అడుగుతాడో తెలుసుకోవడానికి అతని ఉద్యోగాన్ని కాస్త చూడాల్సి వచ్చింది. టెస్టింగులో రోజంతా చేసేది ఇదే. ఇలా జరగాలి అని ముందే రాసుకుంటారు, జరిగిందా లేదా చూస్తారు, పాస్ లేదా ఫెయిల్ అని వేస్తారు. ఆ పనికి అది సరైన పద్ధతి. దానికితోడు, పెద్దవాళ్లను నేరుగా “చెప్పండి” అని అడగడం మర్యాద కాదన్న భావన ఇంట్లో నేర్చుకున్నాడు. ఊహించి అడిగితే వినయంగా ఉంటుందని అతనికి అనిపిస్తుంది. ఈ రెండోది తీసిపారేసే విషయం కాదు, దాని గురించి తర్వాత చెబుతాను.

వీడియోల్లో దొరికిన సలహా

నా దగ్గరికి రాకముందే అతను “ఓపెన్ ఎండెడ్ ప్రశ్నలు అడగండి” అన్న సలహా వీడియోల్లో చూశాడు. ఏమిటి, ఎందుకు, ఎలా అని మొదలయ్యే ప్రశ్నలు అడగమన్నారట. కొన్నాళ్లు ప్రయత్నించి వదిలేశాడు. ఆ ప్రయత్నాలు కూడా గుర్తు చేసుకుని రాయమన్నాను.

“ఏం సంగతులు సార్?”
“ఏముంటయ్ బాబూ, అంతా మామూలే.”

ఇంకొకటి.

“రామంతాపూర్‌ల ఎందుకు తీసుకున్నరు సార్ ఇల్లు?”
“ఏం, మంచిగుండదా?”

మొదటి ప్రశ్న రూపంలో ఓపెన్ ప్రశ్నే, కానీ ఎక్కడ పట్టుకోవాలో తెలియనంత వెడల్పు. ప్రపంచంలోని ఏ సంగతైనా చెప్పొచ్చు అన్నప్పుడు ఏ మనిషైనా “మామూలే” అని బయటపడతాడు. మన దగ్గర “ఏం సంగతులు”, “ఎట్లున్నరు”, “తిన్నరా” అన్నవి పలకరింపులు. వాటి పని సమాచారం రాబట్టడం కాదు, నిన్ను గుర్తించాను అని చెప్పడం. విషయం కోసం కాక, బంధం కోసం నడిచే ఇలాంటి మాటల గురించి మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ 1923లోనే రాశాడు. పలకరింపుకు పలకరింపే జవాబు. “ఏం సంగతులు” అని అడిగి కథ ఆశించకూడదు. అలాగని మానేయనూ కూడదు, అది లేకుండా నేరుగా ప్రశ్నలోకి దిగితే దురుసుగా ఉంటుంది.

రెండోది ఇంకా లోతైన చిక్కు. “ఎందుకు” అన్న ప్రశ్నకు మనిషి వివరణ ఇవ్వడు, సంజాయిషీ ఇస్తాడు. అందులోనూ తనకంటే చిన్నవాడు అడిగితే, తన నిర్ణయాన్ని తప్పు పడుతున్నాడనిపిస్తుంది. పెద్దాయన జవాబు చూడండి, ఆయనే ఎదురు ప్రశ్న వేసి తన ఇంటిని కాపాడుకున్నారు. ఇలాంటి పిచ్చాపాటీ మాటల్లో “ఎందుకు”ను నేను దాదాపు పూర్తిగా పక్కన పెట్టిస్తాను. అదే కారణం తెలుసుకోవాలంటే “అక్కడ ఇల్లు ఎట్ల కుదిరింది సార్?” అని అడగొచ్చు. అప్పుడు ఆయన తన తెలివితేటల గురించి కాక, జరిగిన సంఘటన గురించి మాట్లాడతారు.

వీడియోల్లో చెప్పని ఇంకో సంగతి ఉంది. ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఎవరు అన్న ప్రశ్నలు చూడటానికి ఓపెన్‌గా కనిపించినా ఒక్క మాటతోనే మూసుకుంటాయి. “ఎన్నేళ్లయింది సార్?” అంటే “ఇరవై.” అంతే. ప్రశ్న ఓపెన్ అవునా కాదా అన్నది మొదటి పదం చూసి తేల్చలేం. జవాబు ఒక్క మాటతో పూర్తయిపోతుందా, లేక కనీసం ఒక చిన్న సంఘటన చెబితే తప్ప పూర్తి కాదా అన్నది చూడాలి.

అందుకని మేము అతని పాత ప్రశ్నలనే తీసుకుని తిరగరాశాం. పద్ధతి ఇది. ముందు ప్రశ్నలో దాగిన ఊహ ఏమిటో గుర్తించాలి. దాన్ని తీసేయాలి. తీసేశాక మిగిలినదాన్ని ఒక కాలానికో, చోటుకో, పనికో కట్టాలి. “శాన రోజులైందా సార్ అక్కడ?”లో ఊహ “చాలా రోజులు”. అది తీసేస్తే “ఎన్ని రోజులైంది” అవుతుంది, ఇంకా ఒక్క మాట ప్రశ్నే. దాన్ని ఒక కాలానికి కడితే “మీరు వచ్చిన కొత్తల రామంతాపూర్ ఎట్లుండె సార్?” అవుతుంది. దీనికి ఒక్క మాట సరిపోదు. “మస్తు రష్ ఉంది కదా”ను తిప్పితే “ఏ టైముకు వస్తే సీటు దొరుకుద్ది సార్?” అయింది. రూపంలో చిన్న ప్రశ్నే అయినా ఇది బాగా పనిచేసింది. కారణం, అనుభవం ఉన్నవాళ్లను వాళ్లకు బాగా తెలిసిన విషయం అడగడం. పెద్దాయన “టైము కాదు బాబూ, ఒక స్టాపు ఎన్కకు నాగోల్ పోయి ఎక్కాలె” అని మొదలుపెట్టి, తాను అలా ఏ రోజుల్లో వెళ్తారో, మోకాలి నొప్పి ఎప్పటినుంచి వచ్చిందో కూడా చెప్పారట. అతను ముందు భయపడ్డ వినయం సమస్య కూడా ఇక్కడే తీరింది. పెద్దవాళ్లను నేర్పమని అడగడం ఏ ఇంట్లోనూ అమర్యాద కాదు.

తోక

ఇంతవరకు సులువే. ప్రశ్నలు తిరగరాసుకుని వెళ్లిన మొదటి రోజుల్లో మాత్రం ఫలితం పెద్దగా మారలేదు. కాగితం మీద బాగున్న ప్రశ్న ట్రైన్లో ఎందుకు పనిచేయలేదో నోట్స్ చూస్తే వెంటనే తెలిసింది. ఈ కేసులో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే.

“మెట్రో రాకముందు ఈ దూరం ఎట్ల పోయేటోళ్లు సార్... బస్సులనేనా?”
“ఆఁ, బస్సులనే.”

ప్రశ్న బాగుంది. చివర తగిలించిన “బస్సులనేనా” దాన్ని చంపేసింది. నోట్స్‌లో వెనక్కి వెళ్లి చూస్తే ఇదే ఆకారం పదే పదే కనిపించింది. “వచ్చిన కొత్తల ఎట్లుండె సార్, ఇంత ట్రాఫిక్ లేకుండెనా?” “ఆదివారం ఏం చేస్తరు సార్, రెస్టేనా?” ఒక ఓపెన్ ప్రశ్న వేయడం, దానికి తానే ఒక జవాబు ఊహించి తోకలా తగిలించడం. దీన్ని మేము తోక అనే పిలుచుకున్నాం.

తోక ఎందుకంత హాని చేస్తుంది? ఒకే ఊపిరిలో రెండు ప్రశ్నలు వస్తే, వినేవాళ్లు సాధారణంగా చివరిదానికే ముందు జవాబిస్తారు. సాక్స్ 1987లో అచ్చయిన తన వ్యాసంలో రెండు ధోరణులను కలిపి చూపించాడు. జవాబు తనకు దగ్గరగా ఉన్న ప్రశ్ననే అంటిపెట్టుకుంటుంది, దానితోపాటు ప్రశ్న దేన్ని ఆశిస్తోందో దానికి ఒప్పుకునే వైపే మొగ్గుతుంది. తోక ఈ రెంటినీ ఒక్కసారే వాడేస్తుంది. చివర వస్తుంది కాబట్టి దానికే జవాబు వస్తుంది, అందులో ఊహ ఉంది కాబట్టి ఆ జవాబు “అవును” అవుతుంది. అవును అన్నాక మొదటి ప్రశ్నకు తిరిగి వెళ్లేవాళ్లు తక్కువ.

తోక ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇంకా ఆసక్తికరం. ఇది తెలివి లోపం కాదు, మౌనం తట్టుకోలేకపోవడం. 2009లో ప్రపంచంలోని పది భాషల మాటలను పోల్చిన ఒక అధ్యయనం వచ్చింది. అందులో తెలుగు లేదు, చూసినవి కూడా అవును-కాదు ప్రశ్నలే. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎడం సగటున సెకనులో ఐదో వంతు చుట్టూ ఉంది. అవును-కాదు ప్రశ్నకు ఆలోచించాల్సింది పెద్దగా ఉండదు కాబట్టి అంత వేగం సాధ్యం. “మెట్రో రాకముందు ఎట్ల పోయేటోళ్లు” అంటే ఆ మనిషి ఏళ్ల వెనక్కి వెళ్లి, ఏది చెప్పాలో ఎంచుకోవాలి. దానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. ఇంగ్లీషు సంభాషణల్లో మనుషులు మౌనాన్ని దాదాపు ఒక సెకను దాకానే ఓర్చుకుంటారని జెఫర్సన్ గమనించింది. మన అబ్బాయికి ఆ ఓర్పు కూడా లేదు. జవాబు వెంటనే రాకపోతే “నా ప్రశ్న బాగాలేదేమో” అనుకుని, ఎదుటివారికి సాయం చేస్తున్నాననే ఉద్దేశంతో సులువైన తోక అందిస్తాడు. తనకు బాగా అలవాటైన అవును-కాదు ప్రశ్న ఆ రూపంలో వెనక గుమ్మం నుంచి వచ్చేస్తుంది.

దీనికి మేము చేసిన సాధన చాలా చిన్నది. నా గదిలో నేను పెద్దాయన స్థానంలో కూర్చున్నాను. అతను ప్రశ్న వేయగానే నేను కావాలనే మూడు సెకన్లు ఊరుకునేదాన్ని. ఆ మూడు సెకన్లు అతను నోరు విప్పకూడదు. తల పక్కకు తిప్పకూడదు, ఫోన్ చూడకూడదు, నా వైపే చూస్తూ ఉండాలి. మొదట్లో రెండో సెకను దాటడం అతనికి కష్టమైంది, పెదవులు కదిలేవి. ఈ సాధన రికార్డు చేసి అతనికే చూపించాను. తనకు చాలాసేపు అనిపించిన మౌనం తెరమీద ఎంత కొద్దిగా ఉందో చూశాక అతని భుజాలు వదులయ్యాయి. చెప్పి ఒప్పించడం కన్నా అది చూపించడం ఎక్కువ పనిచేసింది. ట్రైన్ శబ్దంలో ఆ రెండు సెకన్లు ఇంకా సులువని, స్టేషన్ పేరు చెప్పే ప్రకటన అప్పుడే వస్తే ఎవరూ ఏమీ అనుకోరని అతనే కనిపెట్టాడు.

తోక పడిపోయాక, అదే మెట్రో ప్రశ్నకు వచ్చిన నోట్స్ ఇది. నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా మెట్రో 2017 నవంబర్‌లో మొదలైంది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వైపు 2019 మార్చిలో, రాయదుర్గం దాకా అదే ఏడాది నవంబర్‌లో వచ్చింది. అంటే ఈ దారిలో ఏళ్లుగా తిరుగుతున్న ఎవరికైనా ఈ ప్రశ్నలో మూడు నాలుగు కాలాలున్నాయి.

“మెట్రో రాకముందు ఈ దూరం ఎట్ల పోయేటోళ్లు సార్?”
(మౌనం)
“అబ్బో, అది పెద్ద కథ బాబూ. ఉప్పల్‌ల బస్సెక్కి సికింద్రాబాద్ దాకా, ఆడ ఇంకోటి మారాలె. ఏడింటికి ఇంట్లకెళ్లి ఎల్తే ఆఫీసు మొఖం చూసేసరికి తొమ్మిదిన్నర. వానొస్తే ఇగ చెప్పొద్దు. మా ఇంటామె రెండు డబ్బాలు కట్టేది, ఒకటి బస్సులనే తినమని.”
“రెండు డబ్బాలా!”
“మరి! మెట్రోల తిననియ్యరు కదా, ఇప్పుడొక్కటే. మొదట్ల అమీర్‌పేట దాకనే ఉండె మెట్రో. ఆడ దిగి మళ్లా బస్సు కోసం ఉరుకుడే...”

ఇక్కడ మాట తార్నాక, మెట్టుగూడ దాటి పరేడ్ గ్రౌండ్ దాకా వెళ్లింది. ఈ నోట్స్‌లో నాకు బాగా నచ్చింది “రెండు డబ్బాలా!” అన్న మాట. రూపం చూస్తే అది అవును-కాదు ప్రశ్నే. కానీ ఇందులో అతని ఊహ లేదు, పెద్దాయన చెప్పిన మాటే ఉంది. ఆయన చెప్పినదాంట్లో ఏది తనను తాకిందో చూపించి వంతు ఆయనకే తిరిగిచ్చాడు. అవును-కాదు రూపం ఉన్నంత మాత్రాన ప్రశ్న చెడ్డది కాదని అతనికి నేను చెప్పలేదు, తనకు తానే చేసేశాడు. అదే చోట “ఇప్పుడు మెట్రో వచ్చినంక హాయి కదా సార్?” అని ఉంటే “హాయే” అని ముగిసేది. రెంటికీ తేడా, ఒకటి చెప్పిన కథలోకి వెళ్తుంది, ఇంకోటి కథకు ముగింపు వాక్యం రాసిస్తుంది.

ఎదుటివారి జవాబులో కనీసం ఒక్క మాటైనా ఇలా పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. పెద్దాయన జవాబులో బస్సు మారడం, వాన, డబ్బాలు, ఇంటావిడ, నాలుగున్నాయి. అందులో మనుషులు, తిండి, కష్టం ఉన్నవాటిని పట్టుకోమని చెబుతాను. టైమింగ్‌లు, దూరాలు పట్టుకుంటే మాట మళ్లీ లెక్కల్లోకి వెళ్తుంది.

“ఇంటర్వ్యూ చేస్తున్నవా?”

తోక పోయాక కొద్ది రోజులకు ఒక కొత్త ఇబ్బంది వచ్చింది. అతను ఉత్సాహంతో ఒకదాని వెనక ఒకటి మంచి ఓపెన్ ప్రశ్నలు వేసుకుంటూ పోయాడు. పెద్దాయన నవ్వుతూనే “ఏం బాబూ, ఇంటర్వ్యూ చేస్తున్నవా?” అన్నారు. అతను ముడుచుకుపోయి నా దగ్గరికి వచ్చాడు.

ఓపెన్ ప్రశ్నకు ఉన్న అసలు పరిమితి ఇదే. దాని బరువు ఎదుటివారి మీద ఎక్కువ. వాళ్లు వాక్యాలు చెబుతుంటే మనం ప్రశ్నలే వేస్తుంటే వాళ్లు ఇస్తున్నారు, మనం తీసుకుంటున్నాం. కౌన్సెలింగ్‌లో విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ రూపొందించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతిలో కూడా ప్రశ్నల కన్నా, విన్నదాన్ని తిరిగి చెప్పే మాటలు ఎక్కువ ఉండాలంటారు. అక్కడ మాట్లాడటానికే వచ్చిన క్లయింట్ విషయంలోనే ఆ జాగ్రత్త ఉంటే, ట్రైన్లో నిలబడ్డ మనిషి విషయంలో ఇంకెంత ఉండాలి.

అందుకని, రెండు ప్రశ్నల తర్వాత మూడోది వేయకుండా తనదైన ఒక ముక్క ఇవ్వమన్నాను. ముక్క అంటే ఆయన చెప్పినదానికి ఆనుకుని ఉన్న ఒకటి రెండు వాక్యాలు. ప్రశ్న గుర్తు లేకుండా ఆగిపోవాలి. మరుసటి వారం పెద్దాయన బస్సుల సంగతి మళ్లీ తెచ్చినప్పుడు అతను ఇలా అన్నాడట: “మా నాయిన నన్ను హాస్టల్ల దింపనీకి ఫస్టు టైము హైదరాబాద్ వచ్చినప్పుడు, దిల్‌సుఖ్‌నగర్‌ల బస్సు దిగి రోడ్డు దాటనీకే భయపడ్డం సార్ ఇద్దరం.”

పెద్దాయన “మీది యే ఊరు?” అని అడిగారు. రోజూ కలిసి వెళ్తున్నా ఆయన ఇతని ఊరు అడగడం అదే మొదటిసారి. ఎదుటివారు ఎంతసేపు మాట్లాడారన్నదాని కంటే, వాళ్లు తిరిగి ప్రశ్న వేశారా లేదా అన్నది నాకు ముఖ్యమైన గుర్తు. ఒకరే ప్రశ్నలు వేస్తున్నంతకాలం ఆ సంభాషణ ఒకరి శ్రమ మీదే నడుస్తుంది. ఆ రోజు ఊరు పేరు నుంచి మొదలై ఆయన చుట్టాల్లో ఎవరో కోదాడ దగ్గర ఉన్నారన్నదాకా వెళ్లింది. ఆ తర్వాత బేగంపేట దగ్గర ఇద్దరూ ఊరుకున్నారు, అమీర్‌పేట జనం ఎక్కారు, దిగారు, ఎవరికీ ఇబ్బంది అనిపించలేదని రాశాడు.

పనిచేయని చోట్లు

అదే పద్ధతిని అతను ఆఫీసు లిఫ్టులో తన మేనేజర్ మీద ప్రయోగించాడు. “సంక్రాంతి సెలవులు ఎట్ల గడిచినయ్ సార్?” అని అడిగాడు. మేనేజర్ రెండు వాక్యాలు చెప్పేలోపు ఆయన అంతస్తు వచ్చేసింది, ఆయన తలుపు దగ్గర సగం తిరిగి నిలబడి వాక్యం పూర్తి చేయాల్సి వచ్చింది. లిఫ్టుకు అవును-కాదు ప్రశ్నే తగినది. “ఊరికెళ్లొచ్చిన్రా సార్?” అంటే “ఆఁ, నిన్ననే వచ్చిన” అని దిగిపోవచ్చు. ప్రశ్న ఎంత చోటు అడుగుతుందో, మన దగ్గర అంత సమయం ఉందా అన్నది ముందు చూసుకోవాలి. ఫోన్ చేసి “ఇప్పుడు మాట్లాడొచ్చా అండీ?” అని అడగడం, అలసిపోయి వచ్చినవాళ్లను “కూర్చుంటరా సార్?” అనడం కూడా ఇలాంటివే. ఎదుటివారిని తేలికగా వదిలిపెట్టాల్సిన చోట మూసిన ప్రశ్నే మంచిది.

జీతం, పెళ్లి, పిల్లలు, ఆరోగ్యం విషయాల్లో కూడా నేను మొదట మూసిన ప్రశ్నే వాడమంటాను. పెద్దాయన మోకాలి నొప్పి గురించి “ఇప్పుడెట్లుంది సార్ నొప్పి, ఏం చేస్తున్నరు దానికి?” అని కాక, “నొప్పి తగ్గిందా సార్?” అని అడగమన్నాను. చెప్పాలనుకుంటే చెబుతారు, వద్దనుకుంటే “తగ్గింది” అని ముగించే వీలు ఉంటుంది. ఆ వీలు ఇవ్వడం ఇక్కడ మర్యాద. ఆయన “తగ్గింది” అన్నారు, అతను దాన్ని అక్కడే వదిలేశాడు. అది సరైన పనే.

ఇంకొకరి విషయంలో అసలేమీ పనిచేయలేదు. అదే బోగీలో అప్పుడప్పుడు కలిసే అతని సహోద్యోగి ఒకతను. ఓపెన్ ప్రశ్న వేసినా ఒక్క మాట జవాబు, తిరుగు ప్రశ్న లేదు, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ తీయలేదు. వేరే విషయం మీద ఇంకొక్కసారి ప్రయత్నించినా అదే. అలాంటప్పుడు మూడో ప్రశ్న వెతకొద్దని గట్టిగా చెప్పాను. వెడల్పైన ప్రశ్నకు కూడా సన్నని జవాబు రెండుసార్లు వస్తే, ఆ మనిషి ఆ పొద్దున మాట్లాడే స్థితిలో లేడని అర్థం. లోపం ప్రశ్నలో లేదు. ప్రశ్న మూసి ఉన్నప్పుడు మాత్రం ఈ నిర్ణయానికి రాలేం, ఎందుకంటే సన్నని జవాబు మనిషి వల్ల వచ్చిందా ప్రశ్న వల్ల వచ్చిందా తేలదు. పెద్దాయన విషయంలో అతను ముందు చేసుకున్న పొరపాటు అంచనా అదే.

ప్రస్తుతం మేము పనిచేస్తున్నది క్యాంటీన్ టేబుల్ మీద. ఐదారుగురు కూర్చున్నప్పుడు అతని ప్రశ్నలు ఎవరికీ చెందకుండా గాల్లో వేలాడతాయి. ఇద్దరి మధ్య, ప్రశ్న వేస్తే వంతు తనంతట తాను మారుతుంది. గుంపులో ఎవరి వంతో చెప్పాలి, పేరు పిలవాలి లేదా చూపు నిలపాలి. ఇప్పటివరకు వచ్చిన నోట్స్ చూస్తే, ఎవరి పేరూ పిలవకుండా వేసిన ఓపెన్ ప్రశ్నల దగ్గరే తోకలు మళ్లీ మొలుస్తున్నాయి. ఆరుగురి మౌనం ఒక్కరి మౌనం కన్నా బరువుగా ఉంటుంది మరి. అందుకని ఈ వారం నుంచి టేబుల్ మొత్తాన్ని వదిలేసి, కుడిపక్కన కూర్చున్నవాళ్లను మాత్రమే, పేరు పెట్టి అడుగుతున్నాడు.